బీజీ గడువు ఒకటి, క్లెయిమ్ గడువు ఇంకొకటి

ప్రశ్న: నేను సివిల్ కాంట్రాక్టర్‌ని. ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థకు గోడౌను కట్టాను. అగ్రిమెంటు 2024 జనవరి 10న అయింది, విలువ 2 కోట్ల 40 లక్షలు. 5 శాతం కింద 12 లక్షలకు పెర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ, అంటే బీజీ, ఇచ్చాను. ఏడాదిలో పని పూర్తి, ఆ తర్వాత ఏడాది డిఫెక్ట్ లయబిలిటీ, అంటే లోపాలొస్తే నేనే సరిచేయాలి, అని అగ్రిమెంటులో ఉంది. అన్ని బాధ్యతలూ తీరాక 60 రోజుల వరకు బీజీ ఉండాలన్నారు కాబట్టి గడువు 2026 మార్చి 10 అని, క్లెయిమ్ గడువు 2027 మార్చి 10 అని వేయించాం. సైటు ఆలస్యంగా అప్పగించడం వల్ల టైమ్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు, పని 2025 ఆగస్టు 20న ముగిసింది. కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఈ ఫిబ్రవరిలో ఆ సంస్థ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈఈ గారు, బ్యాంకుకు ఉత్తరం రాశారు: 'బీజీని 2027 మార్చి 31 వరకు పొడిగించండి, లేదా ఈ ఉత్తరాన్నే క్లెయిమ్‌గా తీసుకుని 12 లక్షలు కట్టండి' అని. బిల్డింగులో ఒక్క లోపం లేదు. ఎలాగూ క్లెయిమ్ గడువు 2027 మార్చి దాకా ఉంది కదా, మళ్లీ పొడిగించడం దేనికి? పొడిగించకుండా వదిలేస్తే ఏమవుతుంది? డబ్బు ఇవ్వొద్దని నేను బ్యాంకుకు రాయొచ్చా? 3 లక్షల ఎఫ్‌డీ మార్జిన్‌గా బ్యాంకులో ఇరుక్కుంది, మా బావమరిది జామీను ఉన్నాడు. ఏడాదికి 2 శాతం కమిషన్ కడుతున్నాను. ఇది ఎప్పటికి చేతికొస్తుంది?
— ఒక కాంట్రాక్టర్

సమాధానం: మీ బీజీ కాగితాన్ని ముందు పెట్టుకుని చివరి పేరా తీయండి. 'పైన ఏమి రాసినప్పటికీ' అన్న అర్థంతో మొదలయ్యే పేరా అది. దాదాపు ప్రతి బ్యాంకు గ్యారంటీ చివరా ఉంటుంది, మిగతా పేజీలన్నిటికంటే అదే ఎక్కువ పనిచేస్తుంది. అందులో మూడు సంగతులు ఉంటాయి. మా బాధ్యత 12 లక్షలు మించదు. ఈ గ్యారంటీ 2026 మార్చి 10 వరకు చెల్లుతుంది. 2027 మార్చి 10లోగా మీ లిఖితపూర్వక క్లెయిమ్ మాకు అందితేనే చెల్లిస్తాం. రెండో వాక్యంలోని తేదీ ఒక పని చేస్తుంది, మూడో వాక్యంలోనిది మరో పని చేస్తుంది. మీ ఇబ్బంది అంతా ఆ రెండు తేదీలను ఒకటిగా చూడటంలోనే ఉంది.

మొదటి తేదీ, అంటే గడువు, ఏ కాలంలో జరిగిన తప్పుకు బ్యాంకు పూచీ పడుతోందో చెబుతుంది. మీ కాగితం ప్రకారం 2026 మార్చి 10లోపు మీ వల్ల అగ్రిమెంటు ఉల్లంఘన జరిగితేనే ఆ 12 లక్షలు దానికి పూచీ. రెండోది, క్లెయిమ్ గడువు, అప్పటికే జరిగిపోయిన తప్పుకు డబ్బు అడగడానికి మీకు పనిచ్చిన శాఖకు దొరికే అదనపు సమయం మాత్రమే. జులైలో గోడౌను స్లాబు కారిందనుకోండి. క్లెయిమ్ గడువు అప్పటికి నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ కారుడు మార్చి 10 తర్వాతది కాబట్టి కాగితం మీద ఈ బీజీ దానికి పూచీ కాదు. శాఖ పొడిగించమని అడగడంలోని న్యాయం ఇక్కడుంది. వాళ్లకు కావలసింది మీ డిఫెక్ట్ లయబిలిటీ కాలమంతటికీ పూచీ. క్లెయిమ్ గడువు దాన్ని ఇవ్వదు.

ఆ కాలం ఎప్పుడు ముగుస్తుందో లెక్కేద్దాం. బీజీ రాయించిన రోజు మీరు వేసుకున్న లెక్కలో పని 2025 జనవరి 10కి పూర్తి, డిఫెక్ట్ లయబిలిటీ కాలం, అంటే డీఎల్‌పీ, 2026 జనవరి 9 వరకు, ఆపైన 60 రోజులు కలిపితే మార్చి 10. అసలు పని 2025 ఆగస్టు 20న ముగిసింది. అంటే డీఎల్‌పీ 2026 ఆగస్టు 19 వరకు నడుస్తుంది. దానికి 60 రోజులు కలిపితే 2026 అక్టోబరు 18. టైమ్ ఎక్స్‌టెన్షన్ వచ్చిన రోజే మీ బీజీ చిన్నదైపోయింది. కాంట్రాక్టర్లు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే: పనికి గడువు పెరిగిన ప్రతిసారీ, దాని వెనకే బీజీకీ పెంచాలి. తప్పు శాఖదే అయి సైటు ఆలస్యంగా అప్పగించినా ఇది మారదు. ఆలస్యానికి మీ మీద జరిమానా, అంటే ఎల్‌డీ, పడకపోవచ్చు, కానీ పూచీ ఎన్నాళ్లుండాలనేది డీఎల్‌పీ ఎప్పుడు ముగుస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది. ఈ 60 రోజుల షరతు శాఖ సొంతంగా కల్పించింది కూడా కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 171వ నియమం అదే చెబుతుంది: వారంటీతో సహా అన్ని బాధ్యతలూ ముగిశాక 60 రోజులు పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ చెల్లుబాటులో ఉండాలని.

అయితే ఈఈ గారు అడిగింది అక్టోబరు 18 కాదు, 2027 మార్చి 31. ఆ తేదీ మీ అగ్రిమెంటు నుంచి రాదు. ఇలాంటి తేడాలు సాధారణంగా డీఎల్‌పీని పని ముగిసిన రోజు నుంచి కాక సర్టిఫికెట్ సంతకమైన రోజు నుంచో, ఫైనల్ బిల్లు తేదీ నుంచో లెక్కేయడం వల్ల వస్తాయి. కొన్ని ఆఫీసుల్లో ఆర్థిక సంవత్సరం చివరికి సర్దేసి రాస్తారు. మీ సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో 'పని పూర్తయిన తేదీ' అని ఒకటి, జారీ తేదీ అని మరొకటి ఉంటాయి. డీఎల్‌పీ క్లాజు ఏ తేదీని పట్టుకుందో అగ్రిమెంటులో అక్షరం అక్షరం చదవండి. 'పని పూర్తయినట్టు ధ్రువీకరించిన తేదీ నుంచి' అని ఉంటే ఆ ధ్రువీకరణలో రాసిన తేదీనా, ధ్రువీకరించిన రోజా అన్నదానిపై వాదన ఉంటుంది. మామూలుగా 'పూర్తయిన తేదీ నుంచి' అని ఉంటే లెక్క ఆగస్టు 20 నుంచే, అందులో గందరగోళం లేదు.

ఇక 'వదిలేస్తే ఏమవుతుంది' అన్న మీ అసలు ప్రశ్న. మార్చి 10 దాటిపోతే పూచీ ముగిసిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. మూడు కారణాల వల్ల అది అలా జరగదు.

మొదటిది, ఫిబ్రవరి ఉత్తరం. 'పొడిగించండి లేదా చెల్లించండి' అన్నది షరతుతో కూడిన క్లెయిమ్. మార్చి 10లోగా పొడిగింపు అందకపోతే బ్యాంకు దాన్ని క్లెయిమ్‌గానే తీసుకుంటుంది. రెండోది, సెక్యూరిటీని చెల్లుబాటులో ఉంచుతానని మీరు అగ్రిమెంటులో ఒప్పుకున్నారు. మార్చి 10లోగా పొడిగించకపోవడమే ఒక ఉల్లంఘన, అదీ గడువులోపలే జరిగిన ఉల్లంఘన. కాబట్టి ఫిబ్రవరి ఉత్తరంలో ఏదో లోపం ఉందని తేలినా, దాన్ని సరిచేసుకుని కొత్త క్లెయిమ్ వేయడానికి శాఖకు 2027 మార్చి 10 వరకు సమయం ఉంది. మీకు రక్షణ అనుకున్న క్లెయిమ్ గడువు ఇక్కడ పూర్తిగా వాళ్లకే ఉపయోగపడుతుంది. మూడోది, మీ బీజీ అడిగిన వెంటనే చెల్లించే రకం. 'వివాదం ఉన్నా, కాంట్రాక్టర్ అభ్యంతరం చెప్పినా, ఎలాంటి ఆక్షేపణ లేకుండా చెల్లిస్తాం' అన్న వాక్యం అందులో ఉండే ఉంటుంది. అలాంటి బీజీలో తప్పు జరిగిందా, ఎప్పుడు జరిగిందన్నది బ్యాంకు విచారించదు. క్లెయిమ్ కాగితం షరతుల ప్రకారం ఉందా, గడువులో అందిందా అని మాత్రమే చూస్తుంది.

అందుకే, డబ్బు ఇవ్వొద్దని మీరు బ్యాంకుకు రాయడం వల్ల ఉపయోగం ఉండదు. గ్యారంటీ బ్యాంకుకూ శాఖకూ మధ్య విడిగా ఉన్న ఒప్పందం, మీ అగ్రిమెంటు గొడవ దానికి పట్టదు. క్లెయిమ్ వచ్చిన బీజీలను ఆలస్యం చేయకుండా చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు కూడా ఉన్నాయి. మీ ఉత్తరాన్ని మేనేజరు ఫైలులో పెట్టుకుంటారు, అంతే. కోర్టు ఉత్తర్వు ఒక్కటే వాళ్లను ఆపగలదు.

క్లెయిమ్ అయితే మీ పరిస్థితి ఏమిటో రూపాయల్లో చూద్దాం. బ్యాంకు 12 లక్షలు శాఖకు కట్టేస్తుంది. మీ 3 లక్షల ఎఫ్‌డీని సర్దుకుంటుంది. మిగిలిన 9 లక్షలు మీ పేర అప్పుగా ఖాతాలో పడతాయి, ఎందుకంటే బీజీ తీసుకున్న రోజు బ్యాంకు కట్టింది తిరిగి ఇస్తానన్న కౌంటర్ గ్యారంటీ మీద మీరు సంతకం చేశారు. ఆ 9 లక్షలకు మామూలు వడ్డీ కంటే ఎక్కువే వేస్తారు. 90 రోజులు దాటినా కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, మీ బావమరిదికి నోటీసు వెళుతుంది, ఇద్దరి క్రెడిట్ రికార్డులోనూ చేరుతుంది. ఆ తర్వాత ఇంకో టెండరుకు బీజీ కావాలంటే ఏ బ్యాంకూ తొందరగా ఇవ్వదు. కాంట్రాక్టర్‌కు అసలు దెబ్బ అక్కడే తగులుతుంది, 12 లక్షలు దాని ముందు చిన్న లెక్క.

పొడిగింపుకు అయ్యేది ఎంత? 12 లక్షల మీద ఏడాదికి 2 శాతం అంటే 24,000. మీరు ఇప్పటికే క్లెయిమ్ గడువు అయిన 2027 మార్చి 10 దాకా కమిషన్ కట్టి ఉంటారు, బ్యాంకులు సాధారణంగా క్లెయిమ్ గడువు చివరి వరకు లెక్కేసి తీసుకుంటాయి. గడువు 2026 అక్టోబరు 18 అయి, క్లెయిమ్ గడువు మళ్లీ ఏడాది పెడితే 2027 అక్టోబరు 18. అంటే అదనంగా 222 రోజులు. కమిషన్ సుమారు 14,600, దానిపై 18 శాతం జీఎస్టీ 2,600, మొత్తం 17,200 చుట్టూ. కొన్ని బ్యాంకులు రోజుల లెక్క కాకుండా మూడు నెలల వాయిదాల్లో వేస్తాయి, అప్పుడు 21,000 దాటుతుంది. శాఖ అడిగినట్టు 2027 మార్చి 31 వరకు అయితే ఇంకో 164 రోజులు, అంటే పన్నుతో కలిపి దాదాపు 12,700 ఎక్కువ.

ఈ అంకెలు ఎదురుగా ఉన్నాక మీ ముందున్న దారులు ఇవి.

నేను మొదట చూడమనేది పొడిగింపు, కానీ సరైన తేదీకి. ఈ వారంలోనే ఈఈ గారికి ఉత్తరం రాసి, దాని నకలు బ్యాంకుకు ఇవ్వండి. అందులో కంప్లీషన్ సర్టిఫికెట్ నంబరు, పని పూర్తయిన తేదీ, డీఎల్‌పీ క్లాజు నంబరు, పైన చెప్పిన లెక్క, 'కాబట్టి బీజీని 2026 అక్టోబరు 18 వరకు పొడిగిస్తున్నాం' అన్న మాట ఉండాలి. ఉత్తరం ఇన్‌వర్డ్‌లో వేయించి ముద్ర, తేదీ తీసుకోండి. ఆఫీసు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకుండా 2027 మార్చి 31 కావాలనే అంటే, ఫిబ్రవరి నెలాఖరు దాకా చూడండి, ఆ పైన పట్టుదలకు పోవద్దు. 'మా హక్కులకు భంగం లేకుండా, అగ్రిమెంటు ప్రకారం గడువు అక్టోబరు 18 మాత్రమేనన్న మా వాదనను నిలుపుకుంటూ' అని రాసి వాళ్లడిగిన తేదీకే పొడిగించండి. 12,700 కోసం 12 లక్షలను పణంగా పెట్టడం తగదు. ఆ మాట రాతలో ఉంటే డీఎల్‌పీ ముగిసిన రోజున ముందే విడుదల అడిగే హక్కు మీకు మిగులుతుంది.

పొడిగింపు పత్రం తయారీలో తప్పులు ఇక్కడ జరుగుతాయి. బ్యాంకు సవరణ పత్రాన్ని స్టాంపు పేపరు మీద ఇచ్చి, బ్యాంకుల మధ్య సందేశాల వ్యవస్థ అయిన ఎస్‌ఎఫ్‌ఎంఎస్ ద్వారా శాఖ బ్యాంకుకు సందేశం పంపుతుంది. బీజీ ఇచ్చినప్పుడు వెళ్లే సందేశం 760 రకం, సవరణకు 767 రకం. శాఖ బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఒక్క అక్షరం తప్పయినా సందేశం చేరదు, శాఖ పొడిగింపును ఒప్పుకోదు. సవరణలో 'మిగతా షరతులు యథాతథం' అని ఉండాలి, మొత్తం 12 లక్షలు దాటకూడదు. చివరి పేరాలోని రెండు తేదీలూ మారాయో లేదో చూడండి. గడువు మారి క్లెయిమ్ తేదీ పాతదే ఉంటే శాఖ వెనక్కి పంపుతుంది. మీ కాగితం చేరవలసింది మార్చి 10లోగా, బ్యాంకులో తయారవడం కాదు. పది రోజులు ముందే మొదలుపెట్టండి. ఒరిజినల్ సవరణ పత్రాన్ని బ్యాంకే నేరుగా శాఖకు పంపాలన్న నియమం చాలా చోట్ల ఉంది, అలా అయితే పోస్టు సమయం కూడా కలుపుకోండి.

పొడిగింపు అందాక ఇంకో కాగితం తప్పక తెచ్చుకోండి, చాలామంది దీన్ని మరిచిపోతారు. ఫిబ్రవరి ఉత్తరంలోని క్లెయిమ్‌ను ఉపసంహరించుకుంటున్నామని శాఖ బ్యాంకుకు రాతపూర్వకంగా రాయాలి. అది లేకపోతే బ్యాంకు రికార్డులో క్లెయిమ్ తీరకుండా ఉండిపోతుంది. రేపు అంతా ముగిశాక మీ ఎఫ్‌డీ విడిపించేటప్పుడు ఆ పాత క్లెయిమ్ కాగితమే అడ్డుపడుతుంది.

క్లెయిమ్ గడువును తగ్గించే అవకాశం కూడా ఇప్పుడే వస్తుంది. బ్యాంకులు ఏడాది క్లెయిమ్ గడువు పట్టుబట్టడానికి కారణం భారత ఒప్పంద చట్టం 1872లోని 28వ సెక్షన్. ఒక హక్కును కోర్టులో అడిగే సమయాన్ని తగ్గించే ఒప్పందం చెల్లదని ఆ సెక్షన్ చెబుతుంది. 2013లో అమల్లోకి వచ్చిన సవరణ ద్వారా బ్యాంకు గ్యారంటీలకు ఒక మినహాయింపు ఇచ్చారు: నిర్దిష్ట సంఘటన జరిగిన లేదా జరగని తేదీ నుంచి కనీసం ఒక ఏడాది గడిచాక హక్కు ముగుస్తుందని రాసుకోవచ్చు. దాన్ని పట్టుకుని బ్యాంకులు క్లెయిమ్ గడువే ఏడాది ఉండాలనడం మొదలుపెట్టాయి, లేకపోతే ప్రైవేటు వాళ్లకు మూడేళ్లు, ప్రభుత్వానికి కాలపరిమితి చట్టం ప్రకారం 30 ఏళ్లు తాము బాధ్యులమై ఉంటామన్న భయంతో. 2021 జులైలో ఢిల్లీ హైకోర్టు లార్సెన్ అండ్ టూబ్రో, పంజాబ్ నేషనల్ బ్యాంకు మధ్య కేసులో దీన్ని విడదీసి చెప్పింది. ఆ మినహాయింపు, క్లెయిమ్ వేశాక కోర్టుకు వెళ్లే సమయానికి సంబంధించింది, క్లెయిమ్ వేసే సమయానికి కాదని, క్లెయిమ్ గడువు ఎంతన్నది గ్యారంటీ తీసుకునేవాడూ ఇప్పించేవాడూ కుదుర్చుకునే సంగతని ఆ తీర్పు. కాబట్టి శాఖ నమూనాలో క్లెయిమ్ గడువు ఏడాది అని లేకపోతే, 60 రోజులు చాలుతుందా అని మీ బ్యాంకు లీగల్ విభాగాన్ని అడగండి. ఒప్పుకుంటే పైన లెక్కేసిన 222 రోజుల అదనపు కమిషన్ మిగులుతుంది, ఎఫ్‌డీ కూడా దాదాపు పది నెలలు ముందుగా వస్తుంది. శాఖ నమూనాలోనే ఏడాది ఉంటే అడిగి లాభం లేదు, వాళ్లు నమూనా మార్చరు.

రెండో దారి, బీజీని ఇంకో సెక్యూరిటీతో మార్చుకోవడం. శాఖ పేర తాకట్టు పెట్టిన ఎఫ్‌డీ రసీదు కూడా కేంద్ర నియమాల ప్రకారం పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీగా చెల్లుతుంది. మీ దగ్గర 12 లక్షలు ఖాళీగా ఉంటే కమిషన్ తప్పుతుంది, వడ్డీ మీకే వస్తుంది, పైగా బ్యాంకులో మీ బీజీ లిమిటు ఖాళీ అయి కొత్త టెండరుకు అక్కరకొస్తుంది. డబ్బు పనిలో తిరిగే కాంట్రాక్టర్‌కు అంత మొత్తం కట్టి ఉంచడం మాత్రం కష్టమే. మార్పిడి చేసుకుంటే, కొత్త రసీదు అందిన రోజే పాత బీజీ ఒరిజినల్ వెనక్కి ఇస్తామని ముందుగా రాయించుకోండి. ఒకటి ఇచ్చి ఇంకొకటి నెలల తరబడి ఇరుక్కుపోవడం మామూలుగా జరిగేదే.

మూడోది కోర్టు. మధ్యవర్తిత్వ చట్టం 1996లోని 9వ సెక్షన్ కింద చెల్లింపు ఆపమని అడగొచ్చు. కానీ సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో రెండే కారణాలు ఒప్పుకుంది: గ్యారంటీ మూలాన్నే దెబ్బతీసే తీవ్రమైన మోసం, లేదా తర్వాత ఏ విధంగానూ పూడ్చలేని నష్టం. బిల్డింగు బాగుంది, నా తప్పు లేదు అన్నది ఈ రెండింట్లో దేనిలోకీ రాదు. డబ్బు నష్టం తర్వాత తిరిగి వసూలు చేసుకోగలిగేదే కాబట్టి పూడ్చలేని నష్టం కూడా కాదంటారు. ఇంకో చిన్న సందు మాత్రం ఉంది. క్లెయిమ్ బీజీ షరతుల ప్రకారం సరిగ్గా వేయకపోతే చెల్లదు. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ, బీహార్ రాష్ట్రం కేసులో 1999లో సుప్రీంకోర్టు, చీఫ్ ఇంజనీరు పేర ఇచ్చిన గ్యారంటీని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు క్లెయిమ్ చేయడం చెల్లదంది. మీ బీజీ ఎవరి పేర ఉందో, ఎవరు సంతకం పెట్టాలని ఉందో, ఏ బ్రాంచికి అందాలని ఉందో చూడండి. అది తేడాగా ఉంటే బ్యాంకుకు చూపించొచ్చు. అయితే శాఖకు క్లెయిమ్ తేదీ వరకు ఏడాది సమయం మిగిలే ఉంది కాబట్టి ఆ తప్పును దిద్దుకుని మళ్లీ రాస్తారు. మీ కేసులో కోర్టు ఖర్చు పొడిగింపు ఖర్చును ఒక్క వాయిదాలోనే దాటేస్తుంది. పొడిగించాక కూడా అన్యాయంగా క్లెయిమ్ చేస్తే, అప్పుడు శాఖ తనకు వాస్తవంగా జరిగిన నష్టం మేరకే డబ్బు ఉంచుకోగలదు, మిగతాది వెనక్కి రాబట్టుకోవడానికి మధ్యవర్తిత్వం లేదా దావా వేసుకోవచ్చు. ఆ రోజు ఉపయోగపడేది మీరు దాచుకున్న కాగితాలే.

ఇప్పుడు ఎఫ్‌డీ చేతికి రావడం. గడువు తేదీ రాగానే బ్యాంకు దానంతట అదే విడిచిపెట్టదు. బ్యాంకు పుస్తకాల్లో బీజీ మూసేయాలంటే ఒరిజినల్ బీజీ, దాని సవరణలన్నీ వెనక్కి రావాలి. వాటితో పాటు ఆ బీజీ నంబరు, తేదీ, మొత్తం రాసి, తమకు ఇక ఏ క్లెయిమూ లేదని, బ్యాంకును బాధ్యత నుంచి విడుదల చేస్తున్నామని శాఖ సంతకంతో ఉత్తరం కావాలి. కాగితం మాత్రమే తీసుకొచ్చి ఇస్తే చాలా బ్రాంచిలు ఒప్పుకోవు, కాంట్రాక్టర్ చేతికి ఒరిజినల్ ఎలా వచ్చిందో తెలియదని. బ్యాంకు ఆ ఉత్తరం నిజమేనా అని శాఖకు ఈమెయిల్ పంపి ధ్రువీకరించుకున్నాకే ఎఫ్‌డీ మీది పట్టు, అంటే లీన్, తీస్తుంది. మీది కాగితం లేని ఈ-బీజీ అయితే శాఖ ఈ-బీజీలు నడిచే ఎన్‌ఈఎస్‌ఎల్ పోర్టల్‌లోనే విడుదల చేయాలి, అప్పుడు ఒరిజినల్ కోసం తిరగనక్కర్లేదు.

విడుదల అర్జీని అక్టోబరు దాకా ఆపొద్దు. డీఎల్‌పీ ఆగస్టు 19న ముగుస్తుంది కదా, జులై మూడో వారంలో ఈఈకి ఉమ్మడి తనిఖీకి రమ్మని రాయండి. అసిస్టెంట్ ఇంజనీరు సైటుకు వచ్చి లోపాల జాబితా ఇస్తే, అది రాసి, సంతకం చేయించండి, మాటల్లో చెప్పినది తర్వాత పెరుగుతూ పోతుంది. డ్రైనేజీ, గోడ పగుళ్లు, షట్టర్లు, రూఫు కారడం ఇవే ఎక్కువగా రాస్తారు. వాటిని ఆగస్టు మొదటివారానికి సరిచేసి, ఫొటోలతో పూర్తయినట్టు రాసి అందుకున్నట్టు సంతకం తీసుకోండి. ఆగస్టు 20న డీఎల్‌పీ పూర్తి సర్టిఫికెట్, ఫైనల్ బిల్లులో ఏ రికవరీ లేదన్న ధ్రువీకరణ అడుగుతూ, దానితోపాటే బీజీ విడుదల అర్జీ ఇవ్వండి. 60 రోజులు మీ కాగితాల కోసమే పెట్టారు, ఆ రోజుల్లోనే పని ముగించాలి. లేకపోతే అక్టోబరు మొదటివారంలో మళ్లీ ఇలాంటి 'పొడిగించండి లేదా చెల్లించండి' ఉత్తరమే వస్తుంది.

శాఖ ఒరిజినల్ పారేసుకుంటే భయపడొద్దు. పోయిందని, దొరికితే వెనక్కి ఇస్తామని, ఏ క్లెయిమూ లేదని వాళ్లు రాస్తే, మీరు ఒక ఇండెమ్నిటీ బాండు ఇస్తే బ్యాంకు మూసేస్తుంది. శాఖ ఏమీ రాయకుండా ఊరుకుంటే దారి ఇంకొకటి: క్లెయిమ్ గడువు ఏ క్లెయిమూ లేకుండా దాటిపోతే, చివరి పేరా ప్రకారం బ్యాంకు బాధ్యత ముగిసినట్టే. అప్పుడు బ్యాంకును శాఖకు నోటీసు పంపమని, జవాబు రాకపోతే ఎంట్రీ రద్దు చేసి ఎఫ్‌డీ విడిచిపెట్టమని రాతపూర్వకంగా అడగండి. బ్రాంచి 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. ముందే విడుదలైతే వాడని కాలానికి కమిషన్ కొంత వెనక్కి ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, కానీ అడిగితేనే ఇస్తాయి. బీజీ మూసిన రోజునే ఆ అర్జీ కూడా ఇవ్వండి, దాంతోపాటు బావమరిది జామీను ఈ ఒక్క బీజీకేనా, మీ లిమిటు మొత్తానికా అన్నది శాంక్షన్ ఉత్తరంలో చూసి, ఒక్క దానికే అయితే ఆయనకూ విడుదల ఉత్తరం రాయించుకోండి.